ఒక్క షేరు పది అయ్యాక లెక్క సరిచూడటం

బజాజ్ ఫైనాన్స్ 2025 జూన్‌లో రెండు పనులు ఒకేసారి చేసింది. రెండు రూపాయల ముఖ విలువ ఉన్న షేరును రూపాయి షేర్లుగా విభజించింది. ఆపై ప్రతి షేరుకూ నాలుగు బోనస్ షేర్లు ఇచ్చింది. రెండింటికీ రికార్డు తేదీ జూన్ 16. ఆ రోజు స్టేట్‌మెంట్ తెరిచిన చాలామందికి కనిపించిన అంకెలు కంగారు పెట్టేవే. అంతకుముందు 9,300 రూపాయల చుట్టూ తిరిగిన ధర ఒక్కసారిగా 930 దగ్గరికి వచ్చింది.

2024 ఏప్రిల్‌లో 7,000 చొప్పున 15 షేర్లు కొన్న మదుపరి ఒకరు ఉన్నారనుకుందాం. పెట్టుబడి 1,05,000 రూపాయలు. విభజనతో 15 కాస్తా 30 అవుతాయి. బోనస్ ఈ 30 మీద లెక్క: నాలుగేసి చొప్పున 120 కొత్తవి. మొత్తం 150. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 4:1 బోనస్ అంటే ఒకటి నాలుగవుతుందని కొందరు అనుకుంటారు. నిజానికి పాతది అలాగే ఉండి మరో నాలుగు చేరతాయి, అంటే ఒకటి అయిదవుతుంది. విభజనలో అలా కాదు. పాత షేరు రద్దయి, దాని స్థానంలో కొత్తవి వస్తాయి. కాబట్టి సంఖ్యను రెండుతోనూ, ఆ తర్వాత అయిదుతోనూ హెచ్చించాలి. ధరను అదే పదితో భాగించాలి. పాత లెక్కలో 15 షేర్ల విలువ 1,39,500, కొత్త లెక్కలో 150 షేర్ల విలువా అంతే. ఆ రోజు మార్కెట్ కదలిక వల్ల కొంత తేడా ఉండవచ్చు గానీ రెట్లలో తేడా ఉండకూడదు.

ధర రికార్డు తేదీ ఉదయమే మారిపోతుంది, షేర్లు మాత్రం ఒకటి రెండు రోజుల తర్వాత ఖాతాలో పడతాయి. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రకటించిన బోనస్‌లకు సెబీ పెట్టిన నియమం ప్రకారం, కొత్త షేర్లు రికార్డు తేదీ తర్వాతి రెండో పనిదినం నాటికి అమ్మకానికి సిద్ధంగా ఉండాలి. ఈలోగా బ్రోకర్ యాప్ 15 షేర్లను 930తో హెచ్చించి 13,950 అని చూపితే, 91,000కు పైగా నష్టం వచ్చినట్టు కనబడుతుంది. అది నష్టం కాదు, షేర్లు రాకముందు వేసిన లెక్క. ఆ గడువు దాటాకా సంఖ్య సరిపడకపోతే మాత్రం అడగాల్సిందే.

అడిగేముందు యాప్‌ను పక్కనపెట్టి డిపాజిటరీ స్టేట్‌మెంట్ చూడాలి. షేర్లు నిజంగా ఉన్నాయో లేవో చెప్పేది ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్ పత్రమే. ముఖ విలువ మారినప్పుడు షేరు గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్ఐఎన్ కూడా మారుతుంది. అందుకే పాత సంఖ్య కింద 15 తీసివేసినట్టు, కొత్త సంఖ్య కింద 30 జమ చేసినట్టు కనిపించాలి. బోనస్ 120 ఆ కొత్త సంఖ్య కిందే చేరతాయి. పాత వరుసలో మిగిలిన సున్నా చూసి షేర్లు మాయమయ్యాయని బెంబేలెత్తనక్కర్లేదు. విభజన లేని ఒట్టి బోనస్‌కు గుర్తింపు సంఖ్య మారదు. రెండింటికి ఒకటి చొప్పున బోనస్ ఇచ్చిన కంపెనీలో 15 షేర్లుంటే ఏడున్నర రావాలి. ఖాతాలో పడేది ఏడే. సాధారణంగా ఇలాంటి అరలన్నీ కూడగట్టి అమ్మి, వచ్చిన సొమ్ము వాటాదారులకు పంచుతారు. దాన్ని బ్యాంకు ఖాతాలో వెతకాలి.

ఇక కొన్న ధర. ఇదే అసలు చిక్కు, దీన్ని పట్టించుకునేవారూ తక్కువే. డిపాజిటరీ ఇచ్చే ఏకీకృత స్టేట్‌మెంట్‌లో ఉండేది మార్కెట్ విలువ, కొన్న ధర ఉండదు. యాప్ చాలాసార్లు 1,05,000ను 150తో భాగించి సగటు 700 అని చూపుతుంది. మొత్తం లాభం తెలుసుకోవడానికి అది చాలు, పన్నుకు చాలదు. ఆదాయపు పన్ను లెక్కలో ఆ 30 షేర్ల ధర 3,500 చొప్పునే ఉంటుంది, కొన్న తేదీ కూడా పాతదే. 120 బోనస్ షేర్ల కొనుగోలు ధర సున్నా, వాటి వయసు కేటాయించిన రోజు నుంచి మొదలవుతుంది.

2025 సెప్టెంబర్‌లో 930 చొప్పున 30 షేర్లు అమ్మితే ఏమవుతుంది? డీమ్యాట్‌లో ముందు వచ్చినవే ముందు అమ్మినట్టు లెక్క. యాప్ సగటు ప్రకారం 6,900 లాభం, పన్ను లెక్కలో 77,100 దీర్ఘకాలిక నష్టం. మిగిలిన 120 కూడా అప్పుడే అమ్మేస్తే 1,11,600 మొత్తం స్వల్పకాలిక లాభం, దానిపై 20 శాతం పన్ను. దీర్ఘకాలిక నష్టాన్ని స్వల్పకాలిక లాభంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. అసలు లాభం 34,500 మాత్రమే అయినా పన్ను లక్షకు పైగా మొత్తంపై పడుతుంది. బోనస్ షేర్లు కేటాయించి ఏడాది దాటాక అమ్మితే రెండూ దీర్ఘకాలికమే. ఒకే ఆర్థిక సంవత్సరంలో అమ్మితే ఆ నష్టాన్ని ఈ లాభంలోంచి తీసేయవచ్చు.