మోటారు ధర 60 రూపాయలా, 100 రూపాయలా?

సీఎంఏ, సీఏ మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ ప్రశ్నపత్రాల్లో ఒక లెక్క రకరకాల వేషాల్లో కనిపిస్తుంటుంది. ఒకే కంపెనీలో రెండు విభాగాలుంటాయి. ఒకటి మోటార్లు చేస్తుంది, రెండోది వాటితో పంపుసెట్లు బిగిస్తుంది. మోటారును ఏ ధరకు ఇవ్వాలన్నదే ప్రశ్న. కంపెనీ డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుతుంటే ఇందులో గొడవేముంది?

గొడవంతా మేనేజరు దేనికి జవాబుదారీ అన్నదాంట్లో ఉంది. మోటార్ల విభాగం ఖర్చుకు మాత్రమే లెక్క చెప్పే కాస్ట్ సెంటరైతే ధర గురించి పెద్దగా పేచీ ఉండదు. అదే ప్రాఫిట్ సెంటరైతే అమ్మకం ధరే మేనేజరు లాభం. పెట్టిన పెట్టుబడికి కూడా జవాబు చెప్పాల్సిన ఇన్వెస్ట్‌మెంట్ సెంటరైతే పట్టు ఇంకా బిగుస్తుంది.

ఒక నమూనా లెక్క చూద్దాం. మోటార్ల విభాగం 10,000 మోటార్లు చేయగలదు. బయట 100 రూపాయల చొప్పున 9,000 అమ్ముడుపోతాయి. ఒక్కోదానికి వేరియబుల్ ఖర్చు 60, వాటాగా పడే స్థిర ఖర్చు 30. పంపుల విభాగానికి 2,000 మోటార్లు కావాలి. బయటి సరఫరాదారు 85కే ఇస్తానంటున్నాడు, కానీ మొత్తం 2,000 ఒకేచోట కొనాలన్నది షరతు.

మోటార్ల మేనేజరు పూర్తి ఖర్చు 90 అడిగితే పంపుల మేనేజరు బయటికి వెళ్తాడు. తన పుస్తకంలో 10,000 రూపాయలు మిగిలాయని సంతోషిస్తాడు. కంపెనీ మాత్రం సరిగ్గా అంతే నష్టపోతుంది. ఎలాగంటే, స్థిర ఖర్చు ఎటూ తప్పదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాలి. 2,000 మోటార్ల వేరియబుల్ ఖర్చు 1,20,000. వాటిలో వెయ్యి ఖాళీ సామర్థ్యంతోనే తయారవుతాయి. మిగతా వెయ్యి కోసం బయటి గిరాకీని వదులుకోవాలి, ఆ పోయే కాంట్రిబ్యూషన్ 40,000. మొత్తం 1,60,000, అంటే మోటారుకు సగటున 80. బయట కొంటే 1,70,000. కనుక ధర 80కి, 85కి మధ్య ఎక్కడ కుదిరినా కంపెనీకి మేలే.

చాలామంది ఇక్కడ 60 దగ్గరో 100 దగ్గరో ఆగిపోతారు. 60 సరైనది సామర్థ్యం ఖాళీగా ఉన్నప్పుడు, 100 సరైనది బయటే అన్నీ అమ్ముడుపోతున్నప్పుడు.

‘ఒకేచోట’ అన్న మాట తీసేస్తే జవాబే మారిపోతుంది! వెయ్యి లోపల 60 ఖర్చుతో చేయించి, వెయ్యి బయట 85కి కొంటే కంపెనీకి అయ్యేది 1,45,000 మాత్రమే. పరీక్షకుడు ఆ చిన్న వాక్యాన్ని ప్రశ్న చివర్లో పెట్టడం ఊరికే కాదు.

ఇక 80కే ఒప్పందమైతే మోటార్ల విభాగానికి అదనంగా పైసా రాదు, ఆదా అయిన 10,000 అంతా పంపుల వాళ్లదే. అందుకే కొన్ని ప్రశ్నలు రెండు ధరల పద్ధతి అడుగుతాయి: అమ్మేవాళ్ల ఖాతాలో 85 జమ, కొనేవాళ్ల ఖాతాలో 80 ఖర్చు. ఇద్దరికీ ఉత్సాహమే. కానీ విభాగాల లాభాలు కూడితే కంపెనీ అసలు లాభం కంటే 10,000 ఎక్కువ తేలుతుంది, దాన్ని హెడ్ ఆఫీసు లెక్కల్లో తీసేయాలి.