హైదరాబాద్ కేంద్రపాలిత ప్రాంతం అయి ఉంటే?

రాష్ట్ర విభజన సమయంలో, 2013లో, హైదరాబాద్‌ను కేంద్రపాలిత ప్రాంతం చేయాలన్న డిమాండ్ వచ్చింది. అదే జరిగితే కామారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి చదువుకో, పనికో అక్కడికి వెళ్లేవాళ్లు సొంత రాష్ట్రం దాటి వెళ్లినట్టే అయ్యేది. ఢిల్లీలాగా అసెంబ్లీ ఇచ్చినా, పోలీసులు కేంద్రం చేతిలోనే ఉండేవాళ్లు.

స్వయంప్రతిపత్తి ప్రాంతం సంగతి వేరు. అస్సాంలోని బోడోలాండ్ ఇలాంటిదే. అది రాష్ట్రంలోనే ఉంటుంది. ఎన్నికైన మండలి కొన్ని శాఖలు నడుపుతుంది, పోలీసులు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం కిందే ఉంటారు.

ప్రత్యేక పాలనా ప్రాంతానికి చైనాలోని హాంకాంగ్ ఉదాహరణ. కరెన్సీ, కస్టమ్స్, పోలీసులు, కోర్టులు దానికి విడిగా ఉన్నాయి. రక్షణ, విదేశీ వ్యవహారాలు బీజింగ్ చూస్తుంది. మన రాజ్యాంగంలో అలాంటి ఏర్పాటు లేదు.

చివరికి హైదరాబాద్ ఈ మూడింట్లో ఏదీ కాలేదు. 2014 జూన్ 2న తెలంగాణలో భాగమైంది. పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024 జూన్‌లో ముగిసింది.