గొడవ తరవాత నాన్నకు రాసే ఉత్తరం

పెళ్ళి విషయంలో నాన్నతో గొడవపడి ఫోన్ పెట్టేసిన కూతురు, కొన్నాళ్ళకు ఆయనకు ఉత్తరం రాద్దామని కూర్చుంటుంది. మొదటిసారి కాగితం మీదికి వచ్చేది దాదాపు ఎప్పుడూ ఆ రోజు చెప్పలేకపోయిన మిగతా వాదనే. తనవైపు న్యాయం ఎంత ఉందో, నాన్న ఎక్కడెక్కడ మాట మార్చారో, అక్కకు ఒక రకంగా తనకు ఒక రకంగా ఎలా చేశారో అన్నీ వరసగా వస్తాయి. రాసినామెకు మనసు తేలికపడుతుంది. చదివిన నాన్నకు మాత్రం గొడవ రెండోసారి జరిగినట్టుంటుంది. కాబట్టి మొదటి ప్రతి తనకోసం రాసుకుని దాచేసుకోవాలి. నాన్నకు వెళ్ళవలసింది వేరే.

ఒక కుటుంబాన్ని అనుకుందాం. నాన్న భీమవరంలో రిటైరైన హైస్కూలు మాస్టారు. పెద్దమ్మాయి టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇరవై తొమ్మిదేళ్ళు. చిన్నమ్మాయి ఇంకా చదువుకుంటోంది. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి కనుక, పెద్దమ్మాయి ఎమ్మెస్‌కు వెళ్ళేటప్పుడు మాస్టారు ఉన్న ఒక్క ఇంటి కాగితాలనూ బ్యాంకులో పెట్టారు. ఉద్యోగం వచ్చాక అమ్మాయి ఆ అప్పు మొత్తం తీర్చేసింది. ఇప్పుడు పెదనాన్న ఒక సంబంధం తెచ్చారు. మాస్టారు అమ్మాయిని అడగకుండానే, సరే చూద్దామని అవతలివాళ్ళకు మాట ఇచ్చారు. అమ్మాయికి అక్కడే ఉద్యోగం చేస్తున్న వరంగల్ అబ్బాయి అంటే ఇష్టం. కులం వేరు.

గొడవ వీడియో కాల్‌లో జరిగింది. టెక్సస్‌లో ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర అంటే, అక్కడి వేసవి కాలమానంలో, భీమవరంలో సోమవారం పొద్దున ఎనిమిది. ఒకరికి రోజు అయిపోయింది, తెల్లారితే ఆఫీసు. ఇంకొకరికి ఇంకా టిఫిన్ కూడా కాలేదు. విదేశాల్లో ఉన్న పిల్లలతో పెద్ద మాటలన్నీ ఇలాంటి వేళల్లోనే పడుతుంటాయి. "నీ చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టాను" అన్నారు నాన్న. "అది తీర్చేశాను కదా, ఇంకా నేను మీకేం బాకీ?" అంది కూతురు. "నిన్ను అమెరికా పంపడమే నా తప్పు" అన్నారాయన. ఆమె ఫోన్ పెట్టేసింది. పక్కనే అమ్మ ఉంది.

ఇందులో పెళ్ళి మాట ఒకటి, బాకీ మాట ఒకటి. రెండూ ఒకే గొడవలో పుట్టాయి గానీ వాటికి మందు ఒకటి కాదు. పెళ్ళి మీద భేదాభిప్రాయం ఉంది. అది ఒక్క ఉత్తరంతో తీరదు, తీరాలని ఆశించకూడదు కూడా. బాకీ మాట గాయం. అది తీరకుండా మొదటిది మాట్లాడుకోవడం కుదరదు. ఉత్తరం పని ఈ రెంటినీ విడదీయడం. మాటకు క్షమాపణ చెప్పాలి, నిర్ణయానికి చెప్పకూడదు. చాలామంది అమ్మాయిలు ఇక్కడే తడబడతారు. క్షమాపణ చెబితే పెళ్ళికి ఒప్పుకున్నట్టవుతుందేమోనన్న భయంతో కొందరు అసలు చెప్పరు. ఇంకొందరు చెప్పిన వెంటనే "కానీ మీరు కూడా" అని మొదలుపెట్టి దాన్ని వెనక్కి తీసేసుకుంటారు.

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు రాయ్ లెవికీ, ఆయన సహచరులు 2016లో క్షమాపణల మీద ఒక పరిశోధన ప్రచురించారు. విచారం వ్యక్తం చేయడం, ఎందుకలా జరిగిందో వివరించడం, తప్పు నాదేనని ఒప్పుకోవడం, ఇక చేయనని చెప్పడం, దిద్దుబాటుకు ముందుకు రావడం, క్షమించమని అడగడం అని క్షమాపణను ఆరు భాగాలు చేసి, వేటికి ఎంత బరువుందో చూశారు. అన్నిటికన్నా బరువైనది తప్పు నాదేనని ఒప్పుకోవడం. తరవాతది దిద్దుబాటు. క్షమించమని అడగడం చిట్టచివరిది. మన ఇళ్ళలో వరస తలకిందులు. "సరే, క్షమించండి" అని చివరిది ముందే అనేసి, మొదటిది మింగేస్తాం. ఆ పరిశోధన ఉద్యోగ సందర్భాలను ఊహించి చేసినది, కుటుంబాల మీద కాదు. అయినా కూతురి ఉత్తరానికి ఆ వరస చక్కగా పనికొస్తుంది.

మన మాస్టారి కూతురు ఉత్తరం ఇలా మొదలుపెట్టవచ్చు:

"నాన్నా, మీరు, అమ్మ, చెల్లి క్షేమమని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఆ రోజు నేను 'ఇంకా మీకేం బాకీ' అన్నాను. ఆ మాట తప్పు. మీకు ఉన్నది ఆ ఒక్క ఇల్లే. అది నా చదువు మీద పెట్టారు. నాకు ఉద్యోగం రాకపోతే మీరేమయ్యేవాళ్ళో అప్పుడు నేను ఆలోచించలేదు. మీరు పడిన ఆ రిస్కును బ్యాంకు లెక్కతో సమానం చేసి మాట్లాడాను. అమ్మ వింటుండగా ఫోన్ పెట్టేశాను. అదీ తప్పే."

ఇక్కడ ఆగాలి. "ఏదైనా బాధపెట్టి ఉంటే" అన్న మాట ఇందులో లేదు. బాధపెట్టిందని ఇద్దరికీ తెలుసు. అన్న మాటను ఉన్నదున్నట్టు మళ్ళీ రాయడం కష్టమే. కానీ ఆ మాట కూతురికి గుర్తుందని, అదెంత గట్టిదో తనకు తెలుసునని నాన్నకు అర్థమయ్యేది అలా రాస్తేనే. ఆయన అన్న "నిన్ను పంపడమే నా తప్పు" ప్రస్తావన కూడా లేదు. దాన్ని ఎత్తితే క్షమాపణ కాస్తా లెక్కల పుస్తకమవుతుంది.

తరవాత భాగంలో నాన్న భయానికి పేరు పెట్టాలి. పెళ్ళి గొడవల్లో తండ్రులు పరువు అంటారు. ఆ మాట వెనక చాలాసార్లు ఇంకేదో ఉంటుంది. ఈ ఇంట్లో అది చిన్నమ్మాయి. "చెల్లికి సంబంధాలు రావేమోనని మీరు అన్నప్పుడు నాకు బెదిరింపులా వినిపించింది. అది మీ భయమని ఇప్పుడు అనిపిస్తోంది. ఊళ్ళో ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది మీరే, నేను కాదు. అది నాకు తెలుసు." ఆ భయం సరైనదని ఆమె ఒప్పుకోవడం లేదు. ఆయన దాన్ని ఒంటరిగా మోస్తున్నారని గమనించానని చెబుతోంది, అంతే.

ఆపైన నిర్ణయం. దాన్ని దాచకూడదు. మెత్తబడినట్టు నటించిన ఉత్తరం అందుకుని నాన్న మళ్ళీ పెదనాన్నకు ఫోన్ చేస్తే, రెండో గొడవ మొదటిదానికన్నా పెద్దదవుతుంది. "పెళ్ళి గురించి నా ఆలోచన మారలేదు. మారిందని రాస్తే మీకు అబద్ధం చెప్పినదాన్నవుతాను. ఆ అబ్బాయి గురించి మీకు నేను సరిగ్గా చెప్పలేదు. కులం ఒక్కటే బయటికొచ్చింది. మీరు ఎప్పుడు అడిగితే అప్పుడు మిగతావి చెబుతాను." ఈ నాలుగైదు వాక్యాలు చాలు. అబ్బాయి జీతం, వాళ్ళ ఇల్లు, వాళ్ళ నాన్న ఉద్యోగం ఈ ఉత్తరంలోకి రాకూడదు. వస్తే ఇదీ ఒక బయోడేటా అయిపోతుంది.

చట్టం మాట కూడా వద్దు. పెద్దవాళ్ళయిన ఇద్దరు ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద ముప్పై రోజుల నోటీసుతో పెళ్ళి చేసుకోవచ్చు. నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరు కనీసం ముప్పై రోజులు ఆ జిల్లాలో నివసించి ఉండాలి కనుక, మూడు వారాల సెలవు మీద వచ్చే వాళ్ళకు ఈ లెక్క ముందే తెలియడం మంచిది. తెలుసుకోవాలి, నాన్నకు రాసే ఉత్తరంలో మాత్రం పెట్టకూడదు. అక్కడ అది బెదిరింపులాగే చదువుకుంటారు.

ఇక దిద్దుబాటు. కూతుళ్ళు ఎక్కువగా డబ్బు పంపుతారు. ఈ ఇంట్లో అంతకన్నా పెద్ద పొరపాటు ఉండదు, ఎందుకంటే గొడవంతా బాకీ మీదే. నాన్నకు నిజంగా ఇరుకైన చోటు వేరే ఉంది. ఆయన అవతలివాళ్ళకు మాట ఇచ్చారు. "పెదనాన్నకు నేనే ఫోన్ చేసి, నాన్న మాట తప్పలేదు, వద్దన్నది నేనే అని చెబుతాను. మీకు సరేననిపిస్తేనే చేస్తాను." నాన్న తలొంచుకోవాల్సిన చోట కూతురు ముందుకొచ్చి నిలబడడమంటే ఇదే. చివరగా, మళ్ళీ మాట కలపడానికి ఒక వేళ: "ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం మీకు సాయంత్రం ఆరున్నరకు ఫోన్ చేస్తాను. పెళ్ళి మాట ఎత్తను. ఎత్తాలనిపించకపోతే ఫోన్ తీయకండి, ఆపై ఆదివారం మళ్ళీ చేస్తాను." టెక్సస్‌లో అప్పుడు పొద్దున ఎనిమిది. ఇద్దరూ అలసిపోని వేళ.

ఉత్తరాన్ని తెలుగులోనే, చేత్తో రాయడం మేలు. అక్షరదోషాలున్నా ఫర్వాలేదు, మాస్టారు దిద్దుకుని చదువుతారు. వాట్సాప్‌లో నీలం గీతలు కనిపించగానే కూతురు జవాబు కోసం ఎదురుచూస్తుంది, నాన్న మీద ఒత్తిడి పడుతుంది. కాగితానికి ఆ బాధ లేదు. పోస్టులో రెండుమూడు వారాలు పట్టవచ్చు, ఆ ఆలస్యం కూడా మంచిదే. ఆగలేకపోతే కాగితాన్ని ఫోటో తీసి నాన్న నంబరుకు పంపాలి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టకూడదు. అమ్మ చేత చెప్పించకూడదు. అమ్మ ఇద్దరి మధ్యా మాటలు మెత్తబరుస్తూ మోస్తుంది, ఆ మోతలో ఒప్పుకోనిది ఒప్పుకున్నట్టుగా మారిపోతుంది.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో కుటుంబాల మీద పనిచేసే కార్ల్ పిల్లెమర్, ఏళ్ళ తరబడి మాటల్లేకుండా పోయి మళ్ళీ కలిసిన వాళ్ళతో మాట్లాడి 2020లో ఒక పుస్తకం తెచ్చారు. అలా కలిసినవాళ్ళలో చాలామంది, జరిగినదాని గురించి అవతలివాళ్ళు తమ కథనే ఒప్పుకోవాలన్న పట్టు వదిలేశారని ఆయన రాశారు. మాస్టారు ఎప్పటికీ "అడగకుండా మాట ఇవ్వడం నా తప్పే" అనకపోవచ్చు. అది అనిపించుకోవాలన్న పట్టుతో రాస్తే ఈ ఉత్తరం ఓడిపోయినట్టే.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? జవాబు ఉత్తరం సాధారణంగా రాదు. అమ్మతో మాట్లాడుతుంటే వెనకనుంచి "తిన్నదా అడుగు" అని వినిపిస్తుంది. ఆదివారం ఫోన్ ఎత్తి చెల్లి పరీక్షల గురించి మాట్లాడతారు. అది చాలు, పెళ్ళి మాటకు ఇంకా కొన్ని నెలలు పట్టవచ్చు. ఉత్తరానికి జవాబుగా మళ్ళీ అదే అబ్బాయి ఫోటో వస్తే మాత్రం, నిర్ణయం గురించిన వాక్యాలు స్పష్టంగా లేవని అర్థం. వాటిని ఇంకా సూటిగా ఇంకోసారి రాయాలి.

ఈ చెప్పినదంతా కోపం మాత్రమే ఉన్న ఇంటికి. అబ్బాయినో అమ్మాయినో చంపుతామన్న మాట వచ్చినా, అమ్మకు బాగోలేదని అబద్ధం చెప్పి రప్పించి పాస్‌పోర్టు లాక్కున్నా, అక్కడ ఉత్తరం పనిముట్టు కాదు. 2018లో మిర్యాలగూడలో ఏం జరిగిందో తెలుగువాళ్ళందరికీ తెలుసు. అదే ఏడాది శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి జంటలకు రక్షణ కల్పించాలని, అందుకు జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టాలని ఆదేశించింది. బెదిరింపు ఉన్నప్పుడు ముందు వెళ్ళాల్సింది అక్కడికి.

ఇలాంటి ఉత్తరం అందుకున్న నాన్నలు కూడా ఈ పత్రిక చదువుతారు. వాళ్ళకొక విన్నపం. పెళ్ళికి ఒప్పుకోవాలో లేదో తరవాత చూసుకోవచ్చు. ఉత్తరం చేరిందని మాత్రం ఆ వారంలోనే మీ అమ్మాయికి మీరే స్వయంగా చెప్పండి.