పేటెంట్ తీరిపోయిన ఇటుక

లెగో ప్లాస్టిక్ ఇటుకను తిరగేసి చూస్తే లోపల చిన్న గొట్టాలు కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే కింది ఇటుక బొడిపెలు పై ఇటుక గొట్టాలకూ గోడలకూ మధ్య బిగుసుకుంటాయి. అందుకే పిల్లలు కట్టిన మేడ చేత్తో ఎత్తినా ఊడిపోదు, గట్టిగా లాగితే విడివడుతుంది. డెన్మార్క్‌కు చెందిన లెగో కంపెనీ ఈ బిగింపు ఉపాయానికే 1958 జనవరి 28న పేటెంట్ దరఖాస్తు పెట్టింది.

పేటెంట్ కాపాడేది పనిచేసే ఉపాయాన్ని. అందుకు బదులుగా ఆ ఉపాయాన్ని దరఖాస్తులో పూసగుచ్చినట్టు వివరించాలి, గడువు తీరాక అందరికీ వదిలేయాలి. మన దేశంలో ఇప్పుడా గడువు 20 ఏళ్లు. లెగో పేటెంట్లకూ ఒక్కో దేశంలో నూకలు చెల్లుతూ వచ్చాయి. కెనడాలో చివరిది 1988లో తీరింది.

సొమ్ములు తెచ్చే ఇటుకను అంత తేలిగ్గా ఎవరు వదులుకుంటారు? లెగో ముందు కాపీరైట్ తలుపు తట్టింది. రాత, బొమ్మ, పాట వంటి సొంత సృష్టిని కాపాడే హక్కది. రచయిత పోయాక కూడా మన దేశంలో 60 ఏళ్లు ఉంటుంది. ఇటుక పాత డ్రాయింగులను స్వల్ప మార్పులతో తిరిగి గీయించామనీ, అవి కొత్త సృష్టి కాబట్టి టైకో కంపెనీ వాటిని అనుకరించకూడదనీ హాంకాంగ్‌లో వాదించింది. వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. నకలు ఎంత శ్రమపడి గీసినా నకలేనని 1988లో తీర్పు వచ్చింది.

మిగిలింది ట్రేడ్‌మార్క్. ‘ఈ సరుకు ఎవరిది?’ అన్న ప్రశ్నకు జవాబిచ్చే పేరు, గుర్తు, ఒక్కోసారి ఆకారం దాని పరిధిలోకి వస్తాయి. పదేళ్లకోసారి రుసుము కట్టి పొడిగించుకుంటూ, వాడుకలో ఉంచుకుంటే దానికి అంతంటూ లేదు. లెగోకు నోరూరించింది ఇదే. బొడిపెల వరస చూడగానే జనం తమను గుర్తుపడతారు కాబట్టి అదీ తమ గుర్తేనంటూ, మెగా బ్లాక్స్ తయారుచేసే కంపెనీ మీద కెనడాలో దావా వేసింది.

జనం గుర్తుపట్టడం అబద్ధమేమీ కాదు. అయినా 2005లో కెనడా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ బొడిపెలు ఉన్నది ఇటుకను బిగించడానికి. వాటికి ట్రేడ్‌మార్క్ ఇస్తే చచ్చిన పేటెంట్‌కు శాశ్వతంగా ప్రాణం పోసినట్టే. ఎర్ర ఇటుక ఆకారానికి ఐరోపాలో దొరికిన రిజిస్ట్రేషన్ కూడా ఇదే కారణంతో 2010లో ఆఖరి మెట్టు దగ్గర వీగిపోయింది. మన 1999 ట్రేడ్‌మార్క్ చట్టమూ సాంకేతిక ఫలితం కోసమే ఏర్పడిన ఆకారాన్ని ఒప్పుకోదు.

అందుకే లెగో ఇటుకలకు అతికే ఇటుకలు వేరే కంపెనీలు ధైర్యంగా అమ్ముతున్నాయి. డబ్బా మీద తమ సరుకుకు లెగో అని పేరు పెట్టుకుంటే మాత్రం ఇరుక్కుంటాయి. ఇటుకల మధ్య నిలబడే ఆ చిన్న పసుపు బొమ్మమనిషి సంగతి వేరు. కాళ్లలోని రంధ్రాలు ఇటుకకు బిగించడానికేనని ప్రత్యర్థి వాదించినా, ఆ ఆకారం మనిషిని చూపడానికే ఉందని ఐరోపా కోర్టు 2015లో తేల్చి, దాని ట్రేడ్‌మార్క్‌ను నిలబెట్టింది.