డెంగీ వీడియోలో డాక్టర్ ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి

వానాకాలం ముదిరేసరికి మన ఇళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. "నిన్న 90 వేలు, ఇవాళ 62 వేలకు పడిపోయాయి" అంటూ ప్లేట్‌లెట్ల సంఖ్య బంధువుల ఫోన్లన్నీ చుట్టేస్తుంది. దాని వెంటే బొప్పాయి ఆకు రసం, మేక పాలు, కివీ పండ్ల సలహాలు వచ్చిపడతాయి. అలాంటి రోజుల్లో ఒక డాక్టర్ కెమెరా ముందు కూర్చుని మూడు నిమిషాలు నిజం చెబితే వేలమందికి మేలు జరుగుతుంది. అయితే ఆ వేలమందిలో ఏ ఒక్కరినీ ఆయన పరీక్షించలేదు. కాబట్టి అందరికీ పనికొచ్చే మాట చెప్పాలి గానీ ఎవరికీ అక్కడే వైద్యం చెయ్యకూడదు. ఆ మూడు నిమిషాల స్క్రిప్టు ఎలా ఉండాలో, ప్రేక్షకులుగా మనం అందులో ఏం వెతకాలో డెంగీనే తీసుకుని చూద్దాం.

అసలు అపోహ ఆకులో లేదు

ఇలాంటి వీడియోలు చాలావరకు "బొప్పాయి ఆకు పనిచేస్తుందా?" అన్న ప్రశ్నతో మొదలవుతాయి. కానీ అసలు అపోహ దాని వెనక ఉంది. ప్లేట్‌లెట్లు ఎంత పడిపోతే అంత ప్రమాదమని, పెరగడం మొదలైతే గండం గడిచినట్టేనని జనం గట్టిగా నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని కదిలించకపోతే బొప్పాయి పోయి ఇంకో ఆకు వస్తుంది.

అందుకే స్క్రిప్టులో మొదటి వాక్యమే నిజం కావాలి. అపోహను ముందు పెట్టి తర్వాత ఖండిస్తే, మధ్యలో వీడియో వదిలేసినవాళ్లకు అపోహ ఒక్కటే గుర్తుండిపోతుంది. కాబట్టి డాక్టర్ ఇలా మొదలుపెట్టవచ్చు: "డెంగీలో చాలామందిని ప్రాణాపాయంలోకి నెట్టేది ఒక్క ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు. రక్తనాళాల్లోని ద్రవం బయటికి కారిపోవడం. అది సాధారణంగా జ్వరం తగ్గే రోజుల్లోనే మొదలవుతుంది."

ఆ తర్వాత కారణం చెప్పాలి. డెంగీ ముదిరినవారిలో సన్నని రక్తనాళాల గోడలు మట్టికుండ చెమర్చినట్టు చెమరుస్తాయి. రక్తంలోని నీటిభాగం పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. జ్వరం మొదలైన 3వ రోజుకూ 7వ రోజుకూ మధ్య, జ్వరం దిగే సమయంలో ఇది కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది కూడా. ఆ ఒకటి రెండు రోజులే కీలకం. "జ్వరం తగ్గింది కదా" అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేదీ సరిగ్గా అప్పుడే.

ఆకు రసానికి పేరెలా వచ్చింది?

ఇక్కడ డాక్టర్ వెటకారం చెయ్యకూడదు. బొప్పాయి ఆకు దంచి రసం తీసి ఇచ్చిన అమ్మ తన బిడ్డ బతకాలనే ఇచ్చింది. తను కళ్లారా చూసిందే నమ్మింది. ఏం చూసిందో వివరిస్తే చాలు.

డెంగీలో ప్లేట్‌లెట్లు నాలుగైదు రోజులు దిగి, కీలక దశ దాటాక వాటంతట అవే పెరుగుతాయి. ఏ మందూ వాడనివారిలో కూడా ఎక్కువమందికి ఇలాగే జరుగుతుంది. ఇంట్లోవాళ్లకు కంగారు పుట్టి రసం మొదలుపెట్టేది సంఖ్య బాగా దిగాక, అంటే 5వ రోజో 6వ రోజో. మరో రోజు గడిస్తే సంఖ్య ఎలాగూ లేవాల్సిందే. లేచేసరికి ఆ ఘనత రసానికి దక్కుతుంది.

నిజాయితీగా చెప్పాల్సిన ఇంకో మాట ఉంది. బొప్పాయి ఆకు సారంతో ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా పెరిగాయని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి. ఆ సంగతి దాచిపెడితే రేపు ఎవరో దాన్ని బయటపెట్టి, మిగతా మాటలు కూడా అబద్ధాలే అంటారు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: "సంఖ్య కొంచెం ముందుగా పెరగవచ్చు. కానీ ద్రవం కారడాన్ని గానీ, ప్రాణాపాయాన్ని గానీ ఇది ఆపుతుందని రుజువు కాలేదు." ప్రమాదం ఎక్కడుందంటే, రసం పడుతోంది కదా అన్న ధీమాతో ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజు ఇంట్లోనే ఉండిపోవడంలో.

ప్లేట్‌లెట్లు ఎక్కించడం సంగతీ ఇలాంటిదే. సింగపూర్, మలేసియాల్లో 372 మంది పెద్దవాళ్లపై జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వాళ్లందరికీ ప్లేట్‌లెట్లు 20 వేలో, అంతకంటే తక్కువో ఉన్నాయి. కొందరికి ముందుజాగ్రత్తగా ఎక్కించారు, కొందరికి మామూలు సంరక్షణ మాత్రమే ఇచ్చారు. ఎక్కించినందువల్ల రక్తస్రావం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. దుష్ఫలితాలు మాత్రం ఎక్కించినవారిలో 13, ఎక్కించనివారిలో 2 నమోదయ్యాయి. మన కేంద్ర మార్గదర్శకాలు కూడా, రక్తస్రావం లేనివారిలో సంఖ్య 10 వేలకన్నా దిగువకు పడినప్పుడే ముందుజాగ్రత్తగా ఎక్కించవచ్చంటాయి.

ఈ 10 వేల అంకెను మాత్రం వీడియోలో ఒంటరిగా వదలకూడదు. "నాకింకా 25 వేలున్నాయి, ఆస్పత్రి దేనికి?" అని ఇంట్లో ఆగిపోయేవారుంటారు. అది మంచం పక్కన నిలబడ్డ డాక్టర్ల నిర్ణయానికి ఉద్దేశించిన అంకె. ఇంట్లో కూర్చుని ధైర్యం తెచ్చుకోవడానికి కాదు.

ఇద్దరు రోగుల కథ

సాధారణ విషయాన్ని మనసుకు పట్టించాలంటే ఒక మనిషి కథ కావాలి. అది ప్రేక్షకుడి కథ కాకూడదు, తన దగ్గరికి వచ్చిన రోగి కథ అసలే కాకూడదు. కల్పించిన ఉదాహరణ అని చెప్పి మరీ ఇద్దరిని చూపించవచ్చు.

మొదటి వ్యక్తికి జ్వరం వచ్చి ఎనిమిదో రోజు. జ్వరం తగ్గి రెండు రోజులు దాటింది. ప్లేట్‌లెట్లు 30 వేలు. అన్నం తింటున్నాడు, మూత్రం బాగా వస్తోంది, ఎక్కడా రక్తం కనబడలేదు. రక్తం చిక్కదనాన్ని చెప్పే పీసీవీ నిన్నా ఇవాళా 40 దగ్గరే నిలకడగా ఉంది.

రెండో వ్యక్తికి ఐదో రోజు. ఈ ఉదయమే జ్వరం దిగింది. ప్లేట్‌లెట్లు 90 వేలు. కానీ కడుపునొప్పి తగ్గడం లేదు, మూడుసార్లు వాంతి అయింది, చేతులు చల్లబడ్డాయి. పీసీవీ 38 నుంచి 46కు ఎక్కింది, అంటే 20 శాతానికి పైగా పెరిగింది.

ప్లేట్‌లెట్ల లెక్క ఒక్కటే చూసేవాళ్లు మొదటి వ్యక్తి కోసం పరుగులు తీస్తారు. మొదటివ్యక్తిని కూడా డాక్టర్లు కనిపెట్టుకుని ఉండాల్సిందే. కానీ గంటల్లో చెయ్యి దాటిపోగలది రెండో వ్యక్తి పరిస్థితి. అతని రక్తం చిక్కబడుతోంది, వెంటనే ఆస్పత్రిలో కొలత ప్రకారం సెలైన్ అందాలి. ఈ పోలిక విన్న ఇల్లాలు రేపు తన ఇంట్లో రిపోర్టు చూస్తే ఒక్క గడితో ఆగిపోదు. మనిషిని కూడా చూస్తుంది.

మాట ఎక్కడ జారుతుంది?

"డెంగీ వస్తే ఆస్పిరిన్ వాడకండి" అన్న వాక్యం నూటికి నూరుపాళ్లూ నిజం లాగే వినిపిస్తుంది. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రక్తస్రావం ముప్పును పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్ సరిపోతుంది, అదీ బరువుకు తగ్గ మోతాదులో. కానీ గుండెలో స్టెంట్ వేయించుకుని రోజూ ఆస్పిరిన్ మింగే పెద్దాయన కూడా ఈ వీడియో చూస్తాడు. ఆ మాట విని బిళ్ల మానేస్తే స్టెంట్ మూసుకుపోవచ్చు. అందుకే ఆ వాక్యం వెంటే ఇంకోటి ఉండాలి: "గుండె కోసమో, పక్షవాతం కోసమో డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకండి. జ్వరం వచ్చిన రోజే ఆ డాక్టర్‌ని అడగండి."

ద్రవాల సంగతీ అంతే. ఓఆర్ఎస్, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండమనడం సాధారణ సలహా. "రోజుకు నాలుగు లీటర్లు తాగండి" అంటే అది మందుచీటీ రాసినట్టే. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఆ లెక్క హాని చేస్తుంది. సాధారణ సలహాకూ వైద్యానికీ మధ్య గీత ఇక్కడే ఉంది. మోతాదు చెప్పినా, ఫలానా పరీక్ష అక్కర్లేదన్నా, "మీకు ఏమీ కాదు" అన్నా ఆ గీత దాటినట్టే.

ఒక ప్రశ్నకు జవాబు

వీడియో చూసి ఎవరో ఇలా అడుగుతారు: "డాక్టర్ గారూ, మా అమ్మకు 42 వేలున్నాయి. ఎక్కించాలా?" జవాబివ్వాలంటే ఎంత సమాచారం కావాలో చూడండి. ఇది జ్వరం మొదలైన ఎన్నో రోజు? పీసీవీ ఎంత? బీపీ ఎంత? మూత్రం ఎప్పుడు వచ్చింది? వయసెంత, ఏ మందులు వాడుతున్నారు? ఇవేవీ తెలియకుండా అవునన్నా కాదన్నా చీకట్లో రాయి వేసినట్టే. పైగా ఆ జవాబును 42 వేలున్న ఇంకో వందమంది తమకే అనుకుంటారు.

అలాగని "మీ డాక్టర్‌ని కలవండి" అని ఊరుకుంటే ఆ కూతురి చేతికి ఏమీ దక్కదు. జవాబు ఇలా ఉండవచ్చు: "అమ్మా, అంకె ఒక్కటే చూసి నేను చెప్పలేను, చెబితే తప్పవుతుంది. అమ్మగారిని చూస్తున్న డాక్టర్‌ని ఈ మూడూ అడగండి: పీసీవీ పెరుగుతోందా, బీపీ నిలకడగా ఉందా, కీలక దశ దాటిందా? ఈలోగా కడుపునొప్పి ఆగకపోయినా, వాంతులు తగ్గకపోయినా, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం వచ్చినా, మలం నల్లగా ఉన్నా, మత్తుగా పడి ఉన్నా, చేతులు కాళ్లు చల్లబడినా, ఊపిరి కష్టమైనా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా సంఖ్య ఎంతున్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చెయ్యండి."

ఇందులో రోగ నిర్ధారణ లేదు, మందుచీటీ లేదు. ఎప్పుడు కదలాలో మాత్రం తేటగా ఉంది. మనం కూడా ఆరోగ్య వీడియోలను ఇదే గీటురాయి మీద పరీక్షించుకోవచ్చు. చూడకుండానే మోతాదు చెప్పేవారినీ, రిపోర్టు పంపితే నయం చేస్తాననేవారినీ నమ్మనక్కర్లేదు. ఏ లక్షణం కనిపిస్తే ఆగకూడదో చెప్పి, అక్కడితో ఆగిన డాక్టర్ మాటను మాత్రం ఇంట్లో అందరికీ వినిపించండి.