బిగుసుకున్న కండరాలకు ఇంకా బిగింపా?

కటి ఎముకల అడుగున, ముందున్న జఘనాస్థి నుంచి వెనక తోకఎముక దాకా ఉయ్యాల గుడ్డలా పరుచుకున్న కండరాల పొరను పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం, మగవారిలో ప్రోస్టేట్ దీని ఆసరాతోనే నిలుస్తాయి. మూత్రనాళం, మలద్వారం దీని గుండానే బయటికి వస్తాయి. మూత్రం ఆపుకునేటప్పుడు బిగిసేవీ, పోసేటప్పుడు వదులయ్యేవీ ఈ కండరాలే.

ఇవి బలహీనపడితే దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతుందని చాలామందికి తెలుసు. వదులు కావడం మరిచిపోతే ఏమవుతుందో తెలిసినవారు తక్కువ. నీళ్లు నిండిన బకెట్‌ను మోచెయ్యి మడిచి పది నిమిషాలు పట్టుకుంటే జబ్బ నొప్పెడుతుంది, వణుకుతుంది. అప్పుడు ఇంకో చెంబెడు నీళ్లు పోసినా చెయ్యి లేవదు. ఆ చెయ్యి బలహీనమైంది కాదు, అలిసిపోయింది. పైగా అప్పటికే కుంచించుకుని ఉన్న కండరానికి ఇంకా కుంచించుకునే జాగా ఉండదు. గంటల తరబడి, నెలల తరబడి బిగుసుకుపోయిన పెల్విక్ ఫ్లోర్ పరిస్థితీ ఇదే. బయటికి బలహీనతలా కనిపించేది నిజానికి విశ్రాంతి లేకపోవడం.

అంగస్తంభన దెబ్బతినేది ఇక్కడే. మొదట అంగంలోని సన్నని కండరాలు వదులై రక్తం నిండుతుంది. ఆ తర్వాత అంగం మొదట్లో రెండు పక్కలా ఉన్న పెల్విక్ కండరాలు దాని మూలాన్ని నొక్కిపట్టి గట్టిదనాన్ని ఇంకా పెంచుతాయి. ముందే బిగిసి అలిసిపోయిన కండరం ఆ రెండో పని చెయ్యలేదు. మొదటి పనికీ ఆటంకం ఉంటుంది. కండరాలను బిగించి ఉంచే ఆందోళన, నొప్పి వస్తుందన్న భయం రక్తనాళాలు విచ్చుకోకుండా చేస్తాయి. స్ఖలనమంటే ఈ కండరాలు వెంటవెంటనే ముడుచుకోవడమే కాబట్టి, పుండులా ఉన్న కండరం ఆ తర్వాత పిక్క పట్టేసినట్టు పట్టేస్తుంది. ఆ నొప్పి వృషణాలకూ మలద్వారానికీ నడుమ, అంగం కొసన, పొత్తికడుపులో గంటల తరబడి, ఒక్కోసారి రెండు మూడు రోజులు ఉంటుంది.

మూత్రం తొందరకూ మూలం ఇదే. మామూలుగా ముందు పెల్విక్ ఫ్లోర్ వదులవుతుంది, ఆ వెంటనే మూత్రాశయం ముడుచుకుంటుంది. కండరం వదలకపోతే ధార మొదలవడానికి నిలబడి ఎదురుచూడాలి. వచ్చినా సన్నగా, ఆగి ఆగి వస్తుంది, ఇంకా మిగిలిందనిపిస్తుంది. బిగిసిన కండరం నుంచి వెళ్లే సంకేతాలు మూత్రాశయం నిండినట్టే అనిపిస్తాయి. అరగంటకోసారి తొందర, తీరా వెళ్తే అరగ్లాసు కూడా రాదు. తొందర వచ్చిన ప్రతిసారీ మనిషి బిగబట్టుకుంటాడు, ఆ బిగింపు కూడా పాత బాకీలో కలుస్తుంది.

ఈ లక్షణాలు ప్రోస్టేట్ వాపుతో అచ్చంగా కలుస్తాయి. అందుకే చాలామంది ముందు యాంటీబయాటిక్ కోర్సులు వాడతారు. ప్రోస్టేటైటిస్ అని పేరు పెట్టించుకున్న మగవారిలో పదిమందికి తొమ్మిదిమందిలో బ్యాక్టీరియా దొరకదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో వీరిని దీర్ఘకాలిక కటి నొప్పి సిండ్రోమ్ కింద వేరే వర్గంగా చూపారు. వీరందరికీ కండరాలే కారణం కాదు, కానీ చాలామందిలో కండరాల వాటా ఉంటుంది.

ఒక నమూనా కేసు తీసుకుందాం. ముప్పైరెండేళ్ల ఉద్యోగి. రోజుకు పది గంటలు కుర్చీలో, మీటింగుల మధ్య మూత్రం ఆపుకునే అలవాటు. ఒకసారి మూత్రంలో మంట వచ్చి తగ్గింది, తొందర మాత్రం పోలేదు. కూర్చుంటే బంతి మీద కూర్చున్నట్టు ఉంటుంది. మూత్రం కల్చర్‌లో ఏమీ లేదు, షుగర్ లేదు. పొద్దున్న స్తంభన బాగానే ఉంటుంది, భార్య దగ్గర నిలవదు. గోడల మీద రాతలు దీన్ని ‘నరాల బలహీనత’ అంటాయి. ఫోన్‌లో చూసిన వీడియో రోజుకు మూడు వందలసార్లు కెగెల్ బిగింపులు చెయ్యమంటుంది. యోగాలో మూలబంధం చేసేటప్పుడు బిగించేదీ ఇంచుమించు ఈ కండరాలనే. రెండు వారాల్లో నొప్పి పెరిగి, ధార మరింత సన్నబడింది. బకెట్ మీద ఇంకో బకెట్ పెట్టినట్టయింది.

తప్పు కెగెల్‌ది కాదు. అమెరికా స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాన్ని కాన్పు తర్వాత కండరాలు సడలిన స్త్రీల కోసం ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన చేతిలో ఒక కొలత పరికరం ఉండేది, కండరం ఎంత నొక్కగలదో మీటరు మీద చూసేవాడు. తర్వాత వ్యాయామం ఊరూరా తిరిగింది, కొలత అక్కడే ఆగిపోయింది. నిజంగా బలహీనమైన కండరాలున్న మగవారికి, ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం కారేవారికి బిగింపులు పనికొస్తాయి. 2005లో బ్రిటన్‌లో వెలువడిన అధ్యయనంలో స్తంభన సమస్య ఉన్న 55 మంది చేస్తే, 40 శాతం మందికి మామూలు స్థితి వచ్చింది. ఎవరి కండరం ఎలా ఉందో చూడకుండా అందరికీ అదే చెప్పడంలోనే చిక్కు.

చూసే పద్ధతి సులువే. యూరాలజిస్టు గానీ, ఈ పనిలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు గానీ గ్లోవ్ వేసుకుని మలద్వారం గుండా వేలితో పక్క కండరాలను తడుముతారు. బిగుసుకుపోయిన చోట తీగలా తగులుతుంది, అక్కడ నొక్కితే రోగికి రోజూ ఉండే నొప్పే మళ్లీ వస్తుంది. బిగించమంటే కొద్దిగా బిగుస్తుంది, వదలమంటే వదలదు.

అలా తేలితే మొదటి చికిత్స బిగింపులు మానడం. ఆ ఉద్యోగికి కూడా ఫిజియోథెరపిస్టు అదే చెప్పి, శ్వాస నేర్పుతుంది. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, పొట్ట నిండేలా ముక్కుతో గాలి పీలిస్తే డయాఫ్రం కిందికి దిగుతుంది, దానితోపాటు పెల్విక్ ఫ్లోర్ కూడా కొంచెం దిగుతుంది. చుట్టిన తువ్వాలు మీద కూర్చుని చేస్తే ఆ దిగడం తెలుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు దేన్నీ పైకి లాగకూడదు, ముక్కకూడదు. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు చాలు. తోడుగా గొంతుక్కూర్చోవడం, వారానికోసారి లోపలి కండరాన్ని వేలితో నెమ్మదిగా వదిలించడం, మూత్రానికి పరుగెత్తకుండా వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకోవడం, మలబద్ధకం లేకుండా చూసుకోవడం. ముందుగా మెరుగయ్యేది మూత్రం, స్తంభన ఆఖరున. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. వదలడం బాగా వచ్చాక బలం తక్కువుందనిపిస్తే అప్పుడు కొద్దిపాటి బిగింపులు మొదలుపెట్టవచ్చు.

అయితే స్తంభన తగ్గడానికి షుగర్, బీపీ, గుండె రక్తనాళాల జబ్బు కూడా కారణం కావచ్చు కాబట్టి ఆ పరీక్షలు ముందు చేయించుకోవాలి. మూత్రంలో రక్తం, చలిజ్వరం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, తొడల నడుమ మొద్దుబారడం, కాళ్లలో బలం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా కండరాల సంగతి పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.