కోట తలుపు విరిగిన శబ్దం రెండుసార్లు

పెద్ద ఫాంటసీ నవలలో యుద్ధం మొదలయ్యేసరికి పేజీలు గబగబా తిప్పేసే పాఠకులుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. పది పేజీలపాటు కుడివైపు దళం ముందుకు పోతుంది, ఎడమవైపు దళం వెనక్కి వస్తుంది, కత్తులు లేస్తాయి, గుర్రాలు కూలతాయి. ఎవరిది పైచేయో తెలియదు, ఎవరి కోసం భయపడాలో అంతకన్నా తెలియదు. దీనికి విరుగుడుగా కొందరు రచయితలు సైన్యాలను పక్కన పెట్టేసి ఒక్క వీరుడి కత్తినే చూపిస్తారు. అప్పుడు వీరుడి మీద ప్రేమ పుడుతుంది కానీ, అతను కొట్టిన దెబ్బతో రాజ్యానికి ఏం ఒరిగిందో అర్థం కాదు.

ఈ రెండింటినీ ఒకే దారంలో కట్టి, అనేక అధ్యాయాల పొడవునా నడిపించిన యుద్ధం ఒకటుంది. జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడో సంపుటం ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ 1955లో వచ్చింది. అందులో మినాస్ తిరిత్ నగరం ముందున్న పెలెన్నోర్ మైదానంలో జరిగే యుద్ధం అది. సినిమా చూసినవాళ్లకు ఏనుగులూ గుర్రాలూ గుర్తుంటాయి. పుస్తకంలో నేర్చుకోవాల్సింది మాత్రం అధ్యాయాల అమరిక.

ముందు స్థలం సంగతి. నగరం కొండవాలున ఏడు అంతస్తులుగా ఉంటుంది. వెనక పడమట పర్వతం, కాబట్టి అటునుంచి ఎవరూ రారు. ఇక మిగిలేవి మూడు దిక్కులు. తూర్పున నది, నది దాటాక శత్రువు మోర్డోర్. ఉత్తరం నుంచి రోహన్ గుర్రపు దళం సాయానికి రావాలి. దక్షిణాన నదీమార్గంలో శత్రువుల నల్ల ఓడలు రావచ్చు. పాఠకుడు గుర్తు పెట్టుకోవాల్సిన పటం ఇంతే. పుస్తకంలో పెద్ద పటం అచ్చు వేసినా, యుద్ధం అర్థం కావడానికి దాన్ని తెరవక్కర్లేదు.

అసలు పని ఆ తర్వాత ఉంది. ఆ మూడు దిక్కుల్లో ఒక్కోదానికీ మనం ఎదురుచూసే మనిషిని టోల్కీన్ కట్టిపెట్టాడు. తూర్పున నది రేవు కాపాడడానికి వెళ్లినవాడు నగర పాలకుడు డెనెథోర్ రెండో కొడుకు ఫారమిర్. పెద్దకొడుకు చచ్చిపోయాడు, బతికున్నవాడి మీద తండ్రికి ఆదరణ లేదు. ఉత్తరాన రాజు థియోడెన్ వెంట వద్దన్నా వచ్చిన పొట్టివాడు మెర్రీ, మగవేషంలో వచ్చిన రాచకన్య ఎయోవిన్ ఉన్నారు. దక్షిణాన అరగోర్న్. తూర్పు నుంచి వార్త వచ్చిందంటే సైన్యం వార్తే కాదు, ఆ కొడుకు ఏమయ్యాడో కూడా తెలుస్తుంది. దిక్కుకో మనిషి ఉన్నప్పుడు దళాల కదలికల్ని పాఠకుడు బలవంతంగా గుర్తు పెట్టుకోనక్కర్లేదు. అతని మనసు ఎలాగూ అటే ఉంటుంది.

బలాబలాల లెక్క కూడా యుద్ధం మధ్యలో చెప్పలేదు. అంతకు ఎన్నో పేజీల ముందు, ఇంకా కత్తి దూయని రోజున, పదేళ్ల పిల్లవాడు బెర్గిల్, పిప్పిన్ అనే పొట్టివాడు కలిసి కోట వాకిట నిలబడి వచ్చే దళాల్ని చూస్తారు. లాసర్నాక్ నుంచి ఫోర్లాంగ్ అనే ముసలి భారీకాయుడు 200 మందితో వస్తాడు. జనం అనుకున్నది దానికి పదింతలు. దక్షిణ తీరానికి నల్ల ఓడల భయం ఉంది కాబట్టి అక్కడివాళ్లు ఊళ్లు వదిలి రాలేకపోయారు. ఇంకో లోయ నుంచి 300, మరో చోటి నుంచి 500 మంది విలుకాళ్లు. అంతా కలిపి 3,000 కూడా లేరు. ఈ ఒక్క ఊరేగింపుతో మూడు పనులు జరిగాయి. నగరం ఎంత బలహీనంగా ఉందో తెలిసింది. దక్షిణపు ముప్పు చెవిన పడింది. దళాలకు ముఖాలు వచ్చాయి. యుద్ధం ముగిశాక చనిపోయినవాళ్ల పేర్లు చెప్పేటప్పుడు ఆ జాబితాలో ఫోర్లాంగ్ ఉంటాడు. ఒక్క వాక్యం చాలు, మనకు ఆ ఊరేగింపూ జనం నిరాశా గుర్తొస్తాయి. ముందే పరిచయం లేకపోతే అదే వాక్యం ఉత్త పేరు.

ఇక నడక సంగతి. ముట్టడి అధ్యాయం పెద్దది, నిదానంగా సాగుతుంది. మార్చి 10 నుంచి 15 వేకువ వరకు జరిగేదంతా పిప్పిన్ కళ్లతో, నగరం లోపలి నుంచి చూస్తాం. ఫారమిర్ ప్రాణాలతో వస్తాడు, తండ్రి మాట మీద మళ్లీ రేవుకు పోతాడు, ఈసారి ఒళ్లు తెలియని స్థితిలో మోసుకొస్తారు. తూర్పు రక్షణ కూలిందన్న సంగతి మనకు దళాధిపతి నివేదికగా కాక, కొడుకు మంచం పక్కన కూర్చున్న తండ్రి రూపంలో తెలుస్తుంది. ఆ తండ్రి మతి చలించి, కొడుకుతో సహా చితికి ఎక్కుతానంటాడు. పిప్పిన్ గాండాల్ఫ్‌ను పిలవడానికి పరుగెత్తుతాడు. సరిగ్గా అప్పుడే కోట తలుపు విరుగుతుంది. శత్రు సేనాని లోపలికొస్తాడు, గాండాల్ఫ్ ఒంటరిగా అడ్డం నిలబడతాడు. ఎక్కడో కోడి కూస్తుంది. ఉత్తరాన కొమ్ముబూరలు మోగుతాయి. అధ్యాయం అక్కడ ఆగుతుంది.

ఆ తర్వాతి అధ్యాయం ముందుకు పోదు. కాలంలో వెనక్కి వెళ్లి, ఉత్తరాన అడవిలో రాత్రిపూట మెర్రీ దగ్గర మొదలవుతుంది. ఇలా వెనక్కి వెళ్లడం ప్రమాదమే. చాలా నవలలు ఇక్కడే తెగిపోతాయి, ఏది ముందు ఏది వెనకో పాఠకుడికి అందదు. టోల్కీన్ ఏం చేశాడంటే, రెండు చోట్లా ఒకే శబ్దాన్ని వినిపించాడు. మైదానం అంచుకు చేరిన థియోడెన్ దూరంగా తగలబడుతున్న నగరాన్ని చూసి కుంగిపోతాడు. ఇక వెనక్కి తిరుగుతాడేమోనని మెర్రీకి గుండె జారుతుంది. అంతలో నగరం వైపు మెరుపు మెరిసి, పెద్ద చప్పుడు మైదానం మీదుగా దొర్లుకుంటూ వస్తుంది. పోయిన అధ్యాయంలో దగ్గర నుంచి చూసిన తలుపు విరిగిన చప్పుడే అది. ఆ చప్పుడుకు ముసలిరాజు నిటారుగా లేస్తాడు, దళం కదులుతుంది. గంటా నిమిషం చెప్పకుండానే రెండు కథల గడియారాలు కలిసిపోయాయి. అంతకన్నా ముఖ్యం, సైన్యం దాడి చేయడమన్న పెద్ద సంగతి ఒక ముసలివాడు భయాన్ని దాటిన క్షణమైంది. ఈ పుస్తకం మొత్తంలో అమరికపరంగా ఇంతకన్నా గొప్ప చోటు నాకు కనిపించలేదు.

తర్వాత వచ్చే అసలు పోరు అధ్యాయం ముట్టడి అధ్యాయంతో పోలిస్తే చిన్నది. దెబ్బలాట మొదలయ్యాక ఎక్కువసేపు చూపిస్తే చదివేవాడి మనసు మొద్దుబారుతుంది. థియోడెన్ గుర్రం కింద పడి నలిగిపోవడం, ఎయోవిన్ ముసుగు తీసి శత్రు సేనానికి ఎదురు నిలవడం, మెర్రీ వెనక నుంచి పొడవడం, ఈ ఘట్టం దగ్గర మాత్రం టోల్కీన్ నిలబడి, అడుగడుగూ చెబుతాడు. ఆ ఘట్టం ముగియగానే కెమెరా దూరం జరిగినట్టు మళ్లీ మైదానమంతా కనిపిస్తుంది. చెల్లెలు చచ్చిందనుకున్న ఎయోమెర్ దుఃఖంతో, తెగింపుతో దళాన్ని ముందుకు తోసుకుపోతాడు. ఆ తెగింపు వల్లే శత్రువుల మధ్య చిక్కుకుంటాడు. అప్పుడు దక్షిణాన ఓడలు కనిపిస్తాయి. ఊరేగింపు రోజున విన్న భయం నిజమైందనుకుంటాం. ఓడ మీద ఎగిరే జెండా అరగోర్న్‌ది.

ఆ ఓడల్ని అరగోర్న్ ఎలా పట్టుకున్నాడో ఇక్కడ చెప్పడు. అక్కడ ఇంకో యుద్ధమే జరిగింది. దాన్ని రెండు అధ్యాయాల తర్వాత ఇద్దరు మిత్రులు మాటల్లో చెప్పుకుంటారు. రెండు యుద్ధాలూ కళ్లముందే జరిపిస్తే దక్షిణపు రహస్యం పోయేది, ఓడల రాక చప్పబడేది. ఏ పోరును చూపించకూడదో తేల్చుకోవడం కూడా నడకలో భాగమే.

యుద్ధం గెలిచాక కథ మరోసారి వెనక్కి వెళ్తుంది. తలుపు దగ్గరున్న గాండాల్ఫ్ శత్రు సేనాని వెంట ఎందుకు పోలేదన్నది అప్పుడు తెలుస్తుంది. ఫారమిర్‌ను చితి నుంచి కాపాడడానికి వెళ్లాడు. తను అటు వెళ్తే మైదానంలో వేరేవాళ్లు చస్తారని తెలిసీ వెళ్లాడు. ఆ చచ్చినవాడు థియోడెన్ అని మనకు అప్పటికే తెలుసు. ఒక తండ్రి పిచ్చి నగరం గెలుపుకు ఎంత ఖరీదు కట్టిందో ఆ పేజీల్లో లెక్క తేలుతుంది. ఫారమిర్‌ను మోసుకొస్తుండగా బయట నుంచి పెద్ద కేక వినిపిస్తుంది. అది శత్రు సేనాని చావుకేక. మళ్లీ అదే పద్ధతి.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. తిక్కన తెలుగు చేసిన భారత యుద్ధపర్వాల్లో 18 రోజుల పోరుకు సేనాధిపతుల పేర్లే విభాగాలు. భీష్ముడు 10 రోజులు, ద్రోణుడు 5, కర్ణుడు 2, శల్యుడి వంతు ఒక్క రోజు. పేరు మారిందంటే సైన్యం తీరు మారింది. పదమూడో రోజున పద్మవ్యూహం లోపలికి పోవడం తెలిసి, బయటికి రావడం తెలియని అభిమన్యుడు చనిపోతాడు. వెంట వచ్చే పాండవుల్ని సైంధవుడు అడ్డుకున్నాడు. మర్నాడు సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడు శపథం చేస్తాడు. ఇక ఆ రోజు లక్షల సైన్యం ఎటు కదిలినా మన ప్రశ్న ఒక్కటే: పొద్దు ఎంత ఉంది, సైంధవుడు ఎంత దూరం?

రాసేవాళ్లు చేయాల్సిన పని కాగితం మీద మొదలవుతుంది. ఒక పక్క నిలువునా గంటలు రాసుకోవాలి, ఉదయం నుంచి రాత్రి దాకా. అడ్డంగా ఒక్కో దిక్కుకు ఒక్కో గడి. ఆ గడిలో దళం ఎక్కడుంది, దాంతో ఉన్న మన మనిషి ఎవరు, ఆ గంటలో అతను ఏం పోగొట్టుకోవచ్చు, ఈ మూడూ రాయాలి. మూడోది రాయలేని గడి ఉంటే ఆ దళాన్ని చూపించనక్కర్లేదు, వార్తగా చెప్పేస్తే సరిపోతుంది. రెండు గడుల్లో వినిపించగల శబ్దమో పొగో వెలుగో ఏదైనా ఉంటే దాని చుట్టూ గీత గీయాలి. అధ్యాయం విరగాల్సిన చోటు చాలాసార్లు ఆ గీత దగ్గరే దొరుకుతుంది.

రాశాక ఒక్కో అధ్యాయాన్ని విడిగా ఒక మిత్రుడికి ఇచ్చి, పుస్తకం మూసేశాక రెండే ప్రశ్నలు అడగండి. ఇప్పుడు తలుపు ఎవరి చేతిలో ఉంది? నీకు ఎవరి కోసం భయంగా ఉంది? మొదటిదానికి జవాబు రాకపోతే స్థలం గజిబిజిగా ఉంది, దిక్కులు తగ్గించండి. రెండోదానికి రాకపోతే ఇంకో పోరాట దృశ్యం చేర్చి లాభం లేదు. యుద్ధానికి ముందున్న అధ్యాయాల్లోకి వెళ్లి, ఆ మనిషిని అక్కడ మళ్లీ రాయండి.